ఒకే బల్బు, మూడు మెట్లు

ఒక టార్చి సెల్లు, ఒక చిన్న టార్చి బల్బు, జానెడు వైరు ముక్క. హోల్డరు లేదు, స్విచ్చి లేదు, రెండో వైరు లేదు. వీటితోనే బల్బు వెలిగించాలి. ముందుకు చదవబోయే ముందు ఏది దేనికి ఆనించాలో ఒక కాగితం మీద గీసి చూడండి. ఇంజినీరింగ్ చదివినవాళ్లయినా సరే, గీయండి.

1997లో అమెరికాలో ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే డాక్యుమెంటరీ తీసినవాళ్లు ఇదే పనిని ఎంఐటీలో పట్టా పుచ్చుకుని, ఇంకా గౌనులు కూడా విప్పని పట్టభద్రుల చేతికిచ్చారు. ‘ఇదేం పెద్ద పని’ అంటూ మొదలుపెట్టిన వాళ్లలో కొందరు బల్బు వెలిగించలేక నిలబడిపోయారు. వాళ్లకు సూత్రాలు రాక కాదు. బల్బు లోపల ఫిలమెంటు రెండు కొసలూ ఎక్కడికొచ్చి అంటుకుంటాయో వాళ్లు ఎప్పుడూ చూడలేదు, అంతే.

మన ఏడో తరగతి పిల్లలకూ ఇదే ప్రశ్న ఇస్తే ఏమవుతుంది? ‘మూసిన వలయంలోనే విద్యుత్ ప్రవహిస్తుంది’ అన్న వాక్యం దాదాపు అందరికీ నోటికి వచ్చే ఉంటుంది. బొమ్మ గీయమన్నప్పుడే తేడాలు బయటపడతాయి. ఒకరి బొమ్మలో సెల్లు నెత్తి మీద బల్బు కూర్చుని ఉంటుంది, వైరు ఊసే ఉండదు. ఇంకొకరి బొమ్మలో వైరు బల్బు గాజుకు తగులుతూ ఉంటుంది. మూడోవాళ్లు చక్కగా గీస్తారు, కానీ ‘రెండు బల్బులు వరసగా పెడితే?’ అని అడిగితే ‘మొదటి బల్బు కరెంటు తినేస్తుంది, రెండోది డిమ్‌గా వెలుగుతుంది’ అంటారు. ఒకే గదిలో, ఒకే పాఠం విన్న పిల్లలు మూడు వేర్వేరు చోట్ల నిలబడి ఉన్నారు. ఇక టీచరు బోర్డు మీద ఒక్కటే బొమ్మ గీసి ఒక్కటే వివరణ ఇస్తే, అది ఎవరికోసం?

దీనికి జవాబుగా బోధనాశాస్త్రంలో వచ్చిన పద్ధతిని డిఫరెన్షియేటెడ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ ఆన్ టామ్లిన్‌సన్ 1990ల నుంచి రాసిన పుస్తకాల వల్ల ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అందులో ఒక భాగం మెట్ల వారీగా పని ఇవ్వడం. అందరూ చేరాల్సిన భావం ఒక్కటే, కానీ ఎక్కడ నిలబడి ఉన్నారో చూసి అక్కడికి అందే మెట్టు వేయడం. మన దగ్గర ప్రథమ్ సంస్థ చదవడం, లెక్కల్లో స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి నేర్పే పద్ధతి నడిపింది కాబట్టి ‘స్థాయి’ అన్న మాట మన టీచర్లకు కొత్త కాదు. అయితే అక్కడ కొలిచేది చదవగలడా, తీసివేత చేయగలడా అన్నది. సైన్సు పాఠంలో కొలవాల్సింది వేరు. పిల్లవాడి బుర్రలో ఇప్పటికే ఏ ఊహ పాతుకుని ఉంది అన్నదే ఇక్కడ స్థాయి. కరెంటు గురించి మార్కులు బాగా వచ్చే పిల్ల దగ్గరా తప్పు ఊహ ఉండొచ్చు, ఇంట్లో నాన్నతో కలిసి మోటారు వైండింగ్ చేసే కుర్రాడికి తెలుగు పేపర్లో పదిహేను మార్కులే వచ్చినా వలయం అంటే ఏమిటో వేళ్లకు తెలిసి ఉండొచ్చు. ర్యాంకుల జాబితా చూసి మూడు గుంపులు చేస్తే పాఠం అక్కడే చెడిపోతుంది.

కాబట్టి ఈ పాఠం ముందురోజే మొదలవుతుంది. బడి వదిలే ముందు అయిదు నిమిషాలు, అరపేజీ కాగితం, రెండే ప్రశ్నలు. మొదటిది పైన మీకిచ్చినదే. రెండోది: రెండు సెల్లులకు రెండు ఒకేరకం బల్బులు ఒకే వలయంలో కలిపిన బొమ్మ ఇచ్చి, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు అని ఒక్క వాక్యం రాయమనాలి. మార్కులు లేవని ముందే చెప్పాలి, లేకపోతే పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు. ఈ కాగితాలు దిద్దడానికి ఎర్రపెన్ను అక్కర్లేదు. మూడు కుప్పలుగా వేసుకుంటే చాలు.

మొదటి ప్రశ్నలో బల్బుకు రెండు చోట్ల, సెల్లుకు రెండు చోట్ల తగలాలన్నది కనిపించని బొమ్మలు ఒక కుప్ప. మొదటిది సరిగ్గా గీసి, రెండో ప్రశ్నలో ‘ముందున్న బల్బు ఎక్కువ వెలుగుతుంది’ అన్నవి రెండో కుప్ప. రెండూ సమానంగా వెలుగుతాయని కారణంతో సహా రాసినవి మూడోది. కారణం లేకుండా ‘సమానం’ అని మాత్రమే రాసిన కాగితం ఎక్కడ వేయాలి? నన్నడిగితే రెండో కుప్పలోనే. ఊహించి సరైన జవాబు రాసిన పిల్లవాడు మరుసటి రోజు మూడో మెట్టు మీద తడబడతాడు, ‘నాకు రాదు’ అనుకుని చతికిలపడతాడు. రెండో మెట్టు మీద ఉంటే పది నిమిషాల్లో ముగించి పైకి వస్తాడు. పైకి రావడం ఎప్పుడూ కిందికి దిగడం కంటే తేలిక.

లెక్క తేలికగా ఉండేందుకు 36 మంది ఉన్న తరగతి అనుకుందాం. మొదటి కుప్పలో 12, రెండోదాంట్లో 16, మూడోదాంట్లో 8 కాగితాలు వచ్చాయి. నలుగురేసి కూర్చుంటే తొమ్మిది జట్లు. సామాను ఏం కావాలంటే, మొదటి మెట్టు మీద ఉన్న మూడు జట్లకు జట్టుకొక సెల్లు, ఒక బల్బు, ఒక వైరు. మిగిలిన ఆరు జట్లకు జట్టుకు రెండు సెల్లులు, రెండు బల్బులు, నాలుగైదు వైరు ముక్కలు. మొత్తం 15 సెల్లులు, 15 బల్బులు. బల్బులు 20 తెచ్చుకోవాలి, మాడిపోయేవి కొన్ని తప్పవు. సెల్లులు 1.5 వోల్టుల మామూలు టార్చి సెల్లులు, బల్బులు రెండు సెల్లుల టార్చిలో వాడే 2.5 వోల్టుల ఫిలమెంటు బల్బులు. ఇప్పుడు టార్చిల్లో ఎల్‌ఈడీలే వస్తున్నాయి కదా, అవే వాడేద్దామని అనిపిస్తుంది. ఈ పాఠానికి వద్దు. ఎల్‌ఈడీ ఒక్క సెల్లుకు వెలగదు, తిరగేసి పెడితే అసలే వెలగదు. పిల్లలు దానితో వలయం గురించి కాకుండా ఇంకేదో నేర్చుకుంటారు.

ట్రేలకు పేర్లు పెట్టడంలో చాలామంది రోజా జట్టు, మల్లె జట్టు, బంతి జట్టు అంటారు. రెండో రోజుకల్లా పిల్లలు ఏ పువ్వు తెలివైనదో కనిపెట్టేస్తారు. అంతకంటే ట్రేలో ఏముందో అదే పేరు పెట్టడం నయం: ఒక బల్బు పని, రెండు బల్బుల పని, మీటరు పని. ఇది నిజంగానే పని పేరు, పిల్లల పేరు కాదు.

ఇప్పుడు పాఠం. మొదటి అయిదు నిమిషాలు అందరికీ కలిపే. టీచరు చేతిలో టార్చి పట్టుకుని స్విచ్చి వేసి, ఆపి, ఒకే ప్రశ్న బోర్డు మీద రాస్తారు: ‘సెల్లు నుంచి బయల్దేరిన కరెంటు చివరికి ఏమవుతుంది?’ మూడు పనులూ ఈ ప్రశ్నకే జవాబు వెతుకుతాయి. పని మారినా ప్రశ్న మారకపోవడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. మొదటి జట్టుకు ఖాళీలు పూరించడం, మూడో జట్టుకు ప్రాజెక్టు ఇస్తే అది మెట్ల పాఠం కాదు, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టడం.

ఒక బల్బు పని కార్డు మీద ఇలా ఉంటుంది: ‘ఈ మూడు వస్తువులతో బల్బు వెలిగించండి. వెలిగిన ప్రతి అమరికనూ గీయండి. వెలగని వాటినీ గీయండి. వెలిగే అమరికలు నాలుగున్నాయి.’ ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. నాలుగున్నాయని తెలిస్తే ఒకటి దొరకగానే ఆగిపోరు. ఆ నాలుగు ఏవంటే, బల్బు అడుగున ఉన్న చిన్న బొడ్డును సెల్లు ధన కొసకు ఆనించి, వైరుతో రుణ కొసను బల్బు పక్కన ఉన్న లోహపు తొడుగుకు కలపడం ఒకటి. సెల్లును తిరగేసి అదే చేయడం రెండోది. బొడ్డుకు బదులు తొడుగును సెల్లుకు ఆనించి, వైరును బొడ్డుకు పెడితే ఇంకో రెండు. ఒకే సెల్లు కాబట్టి వెలుగు పసుపు పచ్చగా, మందంగా ఉంటుంది. అరచేతులు అడ్డం పెట్టి చూడమని చెప్పాలి. లేకపోతే వెలిగినా వెలగలేదనుకుని పోతారు.

ఈ పిల్లలకు మరో వస్తువు కూడా ఇవ్వాలి, చిన్న భూతద్దం. బల్బు గాజులోంచి చూస్తే ఫిలమెంటును మోస్తున్న రెండు తీగలు కిందికి దిగడం కనిపిస్తుంది. వాటిలో ఒకటి బొడ్డుకు, ఒకటి తొడుగుకు అంటుకుని ఉంటుంది. బొడ్డుకూ తొడుగుకూ మధ్య నల్లటి వలయంలా కనిపించేది విద్యుత్తును పోనివ్వని పదార్థం. అది ఎందుకుందో అడిగితే, ‘అది లేకపోతే రెండూ కలిసిపోతాయి టీచర్, కరెంటు తీగలోకి పోకుండా అడ్డదారిన పోతుంది’ అని ఎవరో ఒకరు అంటారు. అక్కడే పిల్లవాడికి వలయం అర్థమైనట్టు. కార్డు మీద చివరి పని, వెలిగిన బొమ్మ మీద వేలితో దారి పట్టుకుని వెళ్లడం. సెల్లు దగ్గర మొదలుపెట్టి వేలు ఎత్తకుండా తిరిగి సెల్లు దగ్గరికే వస్తే వెలిగే బొమ్మ, మధ్యలో వేలు ఎత్తాల్సివస్తే వెలగని బొమ్మ. వెలగనివి ఎందుకు గీయించామో ఇప్పుడు తెలుస్తుంది.

పని మొదలైన మొదటి ఎనిమిది పది నిమిషాలు టీచరు ఈ మూడు జట్ల దగ్గరే ఉండాలి. నేర్పడానికి కాదు. నాలుగు నిమిషాలైనా ఏమీ వెలగకపోతే పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటారు, అప్పుడు ఒకే ఒక్క మాట అందించాలి: ‘బల్బులో లోహం ఎన్ని చోట్ల ఉంది?’ అంతకుమించి చెప్తే పని అయిపోతుంది, పాఠం మిగలదు.

రెండు బల్బుల పని తప్పు ఊహతో నేరుగా ఢీకొట్టేది. ఇక్కడ ముందు రాత, తర్వాత చేత. రెండు సెల్లులు, రెండు బల్బులు ఒకే వలయంలో కలపబోతున్నాం, ఏది ఎక్కువ వెలుగుతుందో నలుగురూ ఎవరికి వారు రాసి, కాగితం బోర్లించాలి. ఆ తర్వాతే వైర్లు ముట్టుకోవాలి. ముందే రాయించకపోతే, వెలిగాక ‘నేనూ అదే అనుకున్నా’ అని అందరూ అంటారు, ఊహ మారిందో లేదో ఎవరికీ తెలియదు. కలిపాక రెండు బల్బులూ సమానంగా, ఒక్కటే ఉన్నప్పటికంటే మందంగా వెలగాలి.

వెలగాలి. కానీ వెలగవు! ఈ పాఠం చేసిన ఎవరినడిగినా చెప్తారు, అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకే ప్యాకెట్లో కొన్న బల్బుల్లోనూ ఫిలమెంట్లు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కాస్త కాంతిగా, ఒకటి కాస్త మందంగా వెలుగుతుంది. కాంతిగా ఉన్నది సెల్లు ధన కొస వైపు ఉందనుకోండి, ‘చూశారా టీచర్, ముందున్నదే ఎక్కువ వెలిగింది, నేను రాసిందే కరెక్టు’ అంటాడు పిల్లవాడు. తప్పు ఊహకు ప్రయోగమే సాక్ష్యం చెప్పినట్టయింది. ఇక టీచరు ఎంత చెప్పినా కళ్లతో చూసినదాని ముందు నిలవదు.

దీనికి విరుగుడు కార్డులోనే ఉంది: ‘రెండు బల్బుల చోట్లు మార్చి మళ్లీ చూడండి.’ కాంతి చోటును బట్టి వస్తోందా, బల్బును బట్టి వస్తోందా అన్నది ఈ ఒక్క మార్పుతో తేలుతుంది. కాంతిగా ఉన్న బల్బు వెనక్కి వెళ్లాక కూడా కాంతిగానే ఉంటే, తేడా బల్బుది, వరసది కాదు. సెల్లులను తిరగేసి పెట్టడం ఇంకో పరీక్ష. మొదటి చోటులో ఉన్న బల్బు ఇప్పుడు చివరిదవుతుంది, అయినా వెలుగులో మార్పు రాదు. నిజానికి పిల్లలు ఈ పీరియడ్‌లో కరెంటు కంటే విలువైనది ఒకటి నేర్చుకుంటున్నారు, రెండు కారణాలను ఎలా విడదీయాలో. కాబట్టి బల్బులను ముందే ఏరి సమానమైనవి జతలుగా ఇవ్వాలా, ఈ చిక్కును వదిలేయాలా అని టీచర్లు అడిగితే నా ఓటు వదిలేయడానికే. అయితే బొత్తిగా తేడా ఉన్నవి, అంటే ఒకటి వెలిగి ఒకటి అసలు వెలగనివి మాత్రం ముందురోజు పక్కన పెట్టాలి.

కార్డు చివర ఒక బల్బును వదులు చేసి చూడమంటుంది. రెండోది కూడా ఆరిపోతుంది. చివరన ఉన్న బల్బును వదులు చేసినా ముందున్నది ఆరిపోవడం పిల్లలను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. మొదటి బల్బుకు కరెంటు ముందే అందిపోతే, వెనకాల ఏం జరిగితే దానికేమిటి? ఇక్కడ సైకిల్ చైను ఉదాహరణ బాగా పనికొస్తుంది. పెడలు తొక్కగానే చైను అంతా ఒక్కసారే కదులుతుంది, ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది, చైను అరిగిపోయి వెనక చక్రం దగ్గర సగం లింకులే మిగలడం ఉండదు. బల్బు తీసుకునేది చైను మోసుకొచ్చిన శక్తినే గాని చైనును కాదు. ఈ పోలిక టీచరు ముందే చెప్పకూడదు, పిల్లలు బల్బు వదులు చేసి నోరు తెరిచాకే చెప్పాలి.

మూడో మెట్టు మీద ఉన్న రెండు జట్లకు కరెంటు తరగదని తెలుసు. వాళ్ల దగ్గర ఉండే తప్పు ఊహ ఒక మెట్టు పైది, సెల్లు ఎప్పుడూ ఒకే మోతాదులో కరెంటు ఇస్తుంది అన్నది. పుస్తకంలో లెక్కలు బాగా చేసేవాళ్లలోనూ ఇది పదో తరగతి దాకా దాక్కుని ఉంటుంది. వాళ్లకిచ్చే పని ఇది. అవే రెండు సెల్లులు, అవే రెండు బల్బులు, మొదట ఒకదాని వెనక ఒకటి శ్రేణిలో, తర్వాత పక్కపక్కన సమాంతరంగా కలపాలి. ప్రతిసారీ ఊహ రాసి, ఆ తర్వాత మల్టీమీటరుతో కొలవాలి. శ్రేణిలో మూడు చోట్ల పెట్టి చూడాలి: మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత. మూడుచోట్లా ఒకే అంకె, సుమారు 0.2 ఆంపియర్ల దగ్గర కనిపిస్తుంది. సమాంతరంలో ఒక్కో కొమ్మలో వేరుగా, సెల్లు దగ్గర మొత్తంగా కొలిస్తే, మొత్తం అంకె రెండు కొమ్మల కూడికకు దగ్గరగా వస్తుంది, శ్రేణిలో వచ్చినదానికి రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది. సెల్లు మారలేదు, బల్బులు మారలేదు, అమరిక మారితే కరెంటు మారింది. ఇంట్లో లైట్లన్నీ సమాంతరంగా ఎందుకు కలుపుతారు, ఫ్యాను ఆపితే ట్యూబులైటు ఎందుకు ఆరదు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ అన్నీ పెడితే వైరు ఎందుకు వేడెక్కుతుంది అన్న ప్రశ్నలు వాళ్లే వేసుకోగలరు.

మీటరు విషయంలో ఒక హెచ్చరిక. ఆంపియర్లు కొలిచేటప్పుడు మీటరును వలయం తెంచి మధ్యలో కలపాలి, సెల్లు రెండు కొసలకు నేరుగా పెట్టకూడదు. ఎర్ర వైరును మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో కాకుండా 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చాలి. చవక మీటర్లలో మిల్లీ ఆంపియర్ల హద్దు చాలావరకు 200 దగ్గరే ఉంటుంది, ఈ బల్బులు దాన్ని దాటేస్తాయి, లోపలి ఫ్యూజు పోతుంది. బడిలో ఒక్కటే మీటరు ఉంటే రెండు జట్లూ పాళీలు వేసుకుంటాయి. ఒక జట్టు కొలిచేటప్పుడు రెండోది ఊహలు రాస్తుంది.

అన్ని జట్లకూ కలిపి చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. వైరుతో సెల్లు రెండు కొసలనూ నేరుగా కలిపితే బల్బు వెలగదు సరికదా, వైరూ సెల్లూ చురుక్కుమనేలా వేడెక్కుతాయి. ‘వేలికి వేడి తగిలితే వెంటనే వదిలెయ్’ అని ముందే చెప్పాలి. ఇంటి ప్లగ్గుల జోలికి, ఇన్వర్టరు బ్యాటరీ జోలికి ఈ వైర్లతో పోకూడదని బోర్డు మీద రాసి ఉంచాలి. ఇంటికెళ్లి ఈ ప్రయోగం మళ్లీ చేయని పిల్లలు తక్కువ.

ఇదంతా 45 నిమిషాల పీరియడ్‌లో అవుతుందా అంటే కాదు. ఆరంభం అయిదు నిమిషాలు, పని పాతిక నిమిషాలు, సామాను సర్దడం పది నిమిషాలు. ఇక పంచుకోవడానికి సమయమెక్కడ? ఒకే పీరియడ్‌లో కుక్కేవాళ్లు ముందుగా కత్తిరించేది ఆ పంచుకోవడాన్నే, నిజానికి అది పోతే పాఠం మూడు ముక్కలుగానే మిగిలిపోతుంది. రెండు పీరియడ్‌లు పక్కపక్కన ఉంటే మేలు, లేకపోతే మరుసటి రోజు.

పంచుకునేటప్పుడు వరస ముఖ్యం. ఒక బల్బు పని చేసినవాళ్లే ముందు మాట్లాడాలి. వాళ్లు బోర్డు మీద వెలిగే నాలుగు బొమ్మలు, వెలగని రెండు మూడు బొమ్మలు గీస్తారు, దారి చూపిస్తారు. మిగతావాళ్లు ఆ నాలుగూ చూసి ఉండరు, ముఖ్యంగా సెల్లును తిరగేసినా వెలుగుతుందన్నది పై మెట్టు పిల్లలకూ కొత్తే. కాబట్టి మొదట మాట్లాడేవాళ్ల దగ్గర నిజంగా చెప్పేది ఉంటుంది. తర్వాత రెండు బల్బులవాళ్లు తమ బోర్లించిన కాగితాలు తిప్పి, ఏమనుకున్నాం, ఏమైంది అని చెప్తారు. బల్బులు మార్చి చూసిన కథ ఇక్కడ వస్తుంది. చివరగా మీటరువాళ్లు ఆ మాటకు అంకెలు ఇస్తారు. బోర్డు మీద నిన్నటి ప్రశ్న ఇంకా ఉంది: కరెంటు చివరికి ఏమవుతుంది? మూడు జట్ల మాటలూ కలిస్తేనే దానికి పూర్తి జవాబు వస్తుంది: తిరిగి సెల్లు దగ్గరికి వస్తుంది, దారిలో తరగదు, ఎంత వస్తుందన్నది దారిని బట్టి ఉంటుంది.

పై మెట్టు పిల్లలను కింది మెట్టు వాళ్లకు నేర్పే ‘చిన్న టీచర్లు’గా పంపడం మన బడుల్లో బాగా అలవాటు. ఎప్పుడైనా ఒకసారి అయితే ఫర్వాలేదు. ప్రతిసారీ అదే అయితే ఆ పిల్లకు కొత్తగా నేర్చుకునే పీరియడ్ మిగలదు, కింద ఉన్నవాడికి తాను ఎప్పుడూ నేర్పించుకోవాల్సినవాడినే అన్న ముద్ర పడుతుంది. ఈ ముద్ర గురించిన అనుమానం పాతది. 1968లో రోజెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ‘పిగ్మాలియన్ ఇన్ ద క్లాస్‌రూమ్’ అనే పుస్తకంలో, ఈ పిల్లలు బాగా ఎదుగుతారు అని టీచర్లకు ఊరికే చెప్పినా చిన్న తరగతుల్లో ఆ పిల్లలు ముందుకెళ్లారని రాశారు. ఆ ప్రభావం ఎంత అన్నదానిపై వాదోపవాదాలు ఇప్పటికీ ఉన్నాయి. అయినా టీచరు తలలో ఉన్న జాబితా పిల్లల చెవిన పడకుండా ఉండదని బడిలో పనిచేసినవాళ్లెవరూ కాదనరు.

అందుకే పాఠం చివర ఒక చిన్న కాగితం మళ్లీ ఇవ్వాలి. ఈసారి అందరికీ ఒకే ప్రశ్న. వలయంలో రెండు బల్బులు, ఒక స్విచ్చి ఉన్న బొమ్మ ఇచ్చి, స్విచ్చిని బల్బుల తర్వాత పెడితే మొదటి బల్బు వెలుగుతూనే ఉంటుందా, కారణం రాయండి అని అడగాలి. ‘మొదటిది వెలుగుతుంది, ఎందుకంటే కరెంటు దానికి ముందే చేరిపోయింది’ అని ఎవరు రాసినా, వాళ్లు నిన్న ఏ కుప్పలో ఉన్నా, రెండు బల్బుల పని మళ్లీ చేయాల్సిందే. మీటరు పని చేసిన పిల్లల్లో ఒకరిద్దరు ఇలా రాయడం మామూలే. ఒక బల్బు పని చేసినవాళ్లలో సగం మంది సరిగ్గా రాయడమూ చూస్తారు. అంటే జట్లు మారాలి. తర్వాతి పాఠం ఆమ్లాలు, క్షారాలు అయితే ఈ కుప్పలన్నీ చెరిపేసి మళ్లీ ముందురోజు కాగితంతో మొదలుపెట్టాలి. పసుపు నీళ్లలో సబ్బు నురగ పడితే ఎర్రబడటం ఇంట్లో చూసిన పిల్లలు అక్కడ ముందుంటారు, వాళ్లు ఇక్కడ ముందున్నవాళ్లే కానక్కర్లేదు.

ఇంత పని ప్రతి పాఠానికీ చేయగలరా? చేయలేరు, చేయనక్కర్లేదు కూడా. మూడు రకాల కార్డులు రాయడం, కాగితాలు కుప్పలేయడం, బల్బులు పరీక్షించడం అన్నీ కలిపితే ఒక సాయంత్రం పోతుంది. అయిదు తరగతులకు సైన్సు చెప్పే ఒక్క టీచరున్న బడిలో వారానికొకటి కూడా కష్టం. పిల్లల్లో తప్పు ఊహలు బలంగా పాతుకుపోయే పాఠాలను, అంటే విద్యుత్తు, నీడలు-చంద్రకళలు, తేలడం-మునగడం, మొక్కల ఆహారం లాంటివి ఏరి, ఒక్కో యూనిట్‌కు ఒకే ఒక్కసారి ఇలా చేస్తే చాలు. పాదరసం థర్మామీటరు చదవడం, భాగాల పేర్లు నేర్చుకోవడం లాంటివాటికి మెట్లు అనవసరం, అందరికీ కలిపి చెప్పేయొచ్చు.

ఒకసారి చేసిన కార్డులు పారేయకూడదు. సెల్లులు ఏటా కొనాలి, కానీ బల్బులు, వైర్లు, కార్డులు ఒక బూట్ల పెట్టెలో పెట్టి ఉంచితే వచ్చే ఏడు ముందురోజు కాగితం ఒక్కటే కొత్తది. కార్డుల వెనక పెన్సిలుతో ఒక మాట రాసుకోవడం మంచిది: ఏ మాటకు పిల్లలు ఆగిపోయారు, ఏ సూచనకు కదిలారు. రెండేళ్లకు ఆ పెన్సిలు రాతే అసలు పాఠ్యప్రణాళిక అవుతుంది.

ఇక ఇదంతా జరగాలంటే టీచరు చేతిలో లేని ఒక్కటి కావాలి, టైమ్‌టేబుల్. ప్రధానోపాధ్యాయులు వారంలో ఒక్కరోజైనా ఆరేడు తరగతులకు రెండు సైన్సు పీరియడ్‌లు పక్కపక్కన వేయండి. పదిహేను బల్బులకు పెద్దగా ఖర్చు కాదు, దానికీ బడి నిధుల్లోంచి ముందే సర్దండి.